నిన్న పంపిన లెక్క తప్పని తేలితే ఈరోజు ఎలా సరిదిద్దాలి

నిన్న సాయంత్రం ఆరింటికి రిపోర్టు పంపేసి ఇంటికెళ్ళారు. ఈరోజు పొద్దున్నే అదే ఫైలు మళ్ళీ తెరిస్తే ఒక అంకె దగ్గర చూపు ఆగింది. అరచేతులు చల్లబడ్డాయి. ఆ క్షణంలో చేతులు రెండు పనుల్లో ఏదో ఒకటి చేస్తాయి. ఒకటి, ఎవరూ చూసి ఉండరులే అనుకుని ఫైలు మూసేయడం. రెండు, వెంటనే మెయిల్ తెరిచి పెద్ద క్షమాపణ రాయడం. నేను రెండూ చేసినవాడినే. రెండూ పనికిరావు.

గుంటూరులో పైపులు, మోటార్లు పంపిణీ చేసే ఒక సంస్థలో అకౌంట్స్ చూసేటప్పుడు నాకు జరిగిన ఒక సంగతి తీసుకుని, వరుసగా ఏం చేయాలో చెబుతాను. మీది జీతాల పట్టిక అయినా, స్టాకు లెక్క అయినా, బడి హాజరు అయినా ఇదే వరుస సరిపోతుంది.

అక్టోబరు 6 సాయంత్రం సెప్టెంబరు నెల కలెక్షన్ రిపోర్టు పంపాను. సేల్స్ మేనేజర్ గారికి, ఎండీ గారికి, ఐదు బ్రాంచీల ఇన్‌చార్జ్‌లకు. మొత్తం 1,37,90,000 రూపాయలని రాశాను. నెల టార్గెట్ 1,30,00,000. టార్గెట్ దాటినట్టే కదా, అందరూ సంతోషించారు. మర్నాడు పొద్దున తెనాలి గడిలో 36,80,000 చూసి ఆగిపోయాను. తెనాలి టార్గెట్టే 20,00,000. 184 శాతం వసూలు చేసే బ్రాంచీ మాకు ఎప్పుడూ లేదు.

ముందు ఒక్క ప్రశ్న: ఆ అంకెను ఇప్పుడు ఎవరైనా వాడబోతున్నారా?

లెక్క సరిచూసుకోవడానికి అరగంటో గంటో పడుతుంది. ఈలోగా పదింటికి మీటింగ్ ఉండి, అందులో మీ అంకె స్క్రీన్ మీద పడబోతుంటే? లెక్క తేలేదాకా ఆగకండి. అలాగని సగం తేలిన అంకె కూడా చెప్పకండి. వాడబోయే ఆ ఒక్కరికి ఫోన్ చేసి, లేదా రెండు ముక్కల మెసేజ్ పెట్టి ఆపండి:

"సార్, నిన్న పంపిన సెప్టెంబరు కలెక్షన్ మొత్తంలో తేడా కనిపించింది. దయచేసి ఆ అంకె ఇప్పుడు వాడొద్దు. సరైనది 11 గంటలకల్లా పంపిస్తాను."

అంతే. ఎంత తేడా, ఎందుకు తేడా అన్నది ఇందులో పెట్టకండి, ఎందుకంటే మీకే ఇంకా తెలియదు. గంట మాత్రం చెప్పండి. "త్వరలో పంపుతాను" అంటే ఆయన ప్రతి పది నిమిషాలకీ ఫోన్ చేస్తారు. చెప్పే గంట కూడా మీకు నిజంగా కావలసినదానికంటే కొంచెం ఎక్కువే పెట్టుకోండి. పదిన్నరకు తేలుతుందనిపిస్తే పదకొండు అనండి.

ఎవరూ వెంటనే వాడబోవడం లేదని తెలిస్తే ఈ మెసేజ్ అవసరమే లేదు. నేరుగా లెక్కలోకి వెళ్ళండి.

తేడాను చివరి రూపాయి దాకా తేల్చండి

ఈ పనిలో అసలు కష్టం ఇక్కడే ఉంది, ఎక్కువమంది తొందరపడేదీ ఇక్కడే. తప్పు అంకె పంపడం ఒక పొరపాటు. దాన్ని సరిచేస్తూ పంపిన అంకె కూడా తప్పయితే, ఆ తర్వాత మీరు పంపే మూడో అంకెను ఎవరూ నమ్మరు. మొదటి పొరపాటును వారంలో మర్చిపోతారు, రెండోదాన్ని మర్చిపోరు.

ముందు తేడా ఎంతో రాసుకోండి. ఆ తేడా అంకె చాలాసార్లు కారణమేంటో తనే చెప్పేస్తుంది. పాతకాలపు గుమాస్తాలకు తెలిసిన చిట్కాలివి, ఎక్సెల్ వచ్చాక మనం మర్చిపోయాం.

తేడాను 9తో భాగించి చూడండి. శేషం లేకుండా పోతే పక్కపక్క అంకెలు తారుమారయ్యాయేమోనని అనుమానించండి. 23,60,000 కొట్టబోయి 26,30,000 కొడితే తేడా 2,70,000. తొమ్మిదితో భాగిస్తే సరిగ్గా 30,000 వస్తుంది. సున్నా ఒకటి ఎక్కువో తక్కువో పడినా ఇలాగే జరుగుతుంది. 15,25,000 బదులు 1,52,500 అని కొడితే తేడా 13,72,500, అదీ తొమ్మిదితో పోతుంది. కాకతాళీయంగా కూడా భాగం పోవచ్చు కాబట్టి దీన్ని రుజువనుకోకండి, ఎక్కడ వెతకాలో చూపించే వేలు అనుకోండి.

తేడాను సగం చేసి, ఆ సగం అంకె మీ పద్దుల్లో ఎక్కడైనా ఉందేమో చూడండి. తీసేయాల్సినదాన్ని కలిపితే తేడా రెండింతలవుతుంది. 60,000 రూపాయల చెక్కు బౌన్సయింది, దాన్ని కలెక్షన్‌లోంచి తీసేయాలి, మీరు కలిపారు. తేడా 1,20,000 చూపిస్తుంది. 1,20,000 అనే పద్దు కోసం పొద్దంతా వెతికినా దొరకదు. 60,000 కోసం వెతికితే రెండు నిమిషాల్లో దొరుకుతుంది.

తేడా అచ్చంగా ఒక పద్దుతోనో ఒక బ్రాంచీ మొత్తంతోనో సమానమైతే, అది రెండుసార్లు పడిందన్నా అనుకోవాలి, అసలు పడలేదన్నా అనుకోవాలి.

నా విషయంలో తెనాలి ఇన్‌చార్జ్ పంపిన అసలు షీటు తెరిచాను. రసీదులన్నీ వరుసగా ఉన్నాయి, వాటి కింద 47వ వరుసలో ఆయనే మొత్తం వేసి పెట్టాడు: 18,40,000. నేను ఆ మొత్తాన్ని కూడా కలుపుకుని కూడాను. అందుకే 36,80,000 వచ్చింది, సరిగ్గా రెండింతలు. నా ఫార్ములా ఇలా ఉంది:

```
=SUM(B2:B47)
```

46 దాకా ఉండాల్సింది 47 దాకా ఉంది.

కారణం దొరకగానే పని అయిపోయిందనిపిస్తుంది. కాలేదు. ఇప్పుడు కొత్త అంకెను వేరే దారిలో ఇంకోసారి పట్టుకోవాలి. అదే షీటులో అదే గడులను మళ్ళీ కూడితే అది సరిచూడటం కాదు, అదే తప్పును ఇంకోసారి చూడటం. నేను మా అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ టాలీలో తెనాలి రసీదుల మొత్తం తీశాను, ఆ పక్కన బ్యాంకు స్టేట్‌మెంట్ పెట్టుకున్నాను. టాలీలో 18,40,000. బ్యాంకులో సెప్టెంబరు 30 దాకా పడింది అంతకంటే కాస్త తక్కువ, ఎందుకంటే నెలాఖరు సాయంత్రం అందిన చెక్కులు బ్యాంకులో అక్టోబరులో గాని పడవు. ఆ చెక్కుల్ని ఒక్కొక్కటే అక్టోబరు స్టేట్‌మెంట్లో చూసి టిక్కు పెట్టుకున్నాక తేడా సున్నా అయింది.

ఇక్కడ ఒక నియమం నాకు నేనే పెట్టుకున్నాను. పాత మొత్తానికీ కొత్త మొత్తానికీ ఉన్న తేడాలో ప్రతి రూపాయికీ కారణం చెప్పగలిగితేనే పంపుతాను. తేడా 18,52,000 వచ్చి, నాకు దొరికిన కారణం 18,40,000కే సరిపోతే, ఇంకో 12,000 తప్పు ఆ ఫైల్లో ఎక్కడో కూర్చుని ఉంది. లేదా రెండు తప్పులు ఒకదాన్నొకటి కొంత కప్పేస్తున్నాయి. చిన్నదేలే అని వదిలేస్తే మధ్యాహ్నానికి మళ్ళీ మెయిల్ రాయాల్సి వస్తుంది.

ఇంకో మాట. ఒక బ్రాంచీలో దొరికిన తప్పు మిగతా నాలుగింట్లోనూ ఉండొచ్చు, ఎందుకంటే ఆ ఫార్ములాలన్నీ నేనే కాపీ కొట్టాను. ఐదూ చూశాను. మిగతా వాళ్ళ షీట్లలో కింద మొత్తం వరుస లేదు కాబట్టి అవి బాగానే ఉన్నాయి. అయినా వాటినీ టాలీతో, బ్యాంకుతో పోల్చి చూసుకున్నాను.

చివరికి తేలిన లెక్క ఇది:

| బ్రాంచీ | నిన్న పంపింది | సరైనది |
|---|---|---|
| గుంటూరు | 42,15,000 | 42,15,000 |
| నరసరావుపేట | 23,60,000 | 23,60,000 |
| ఒంగోలు | 20,10,000 | 20,10,000 |
| తెనాలి | 36,80,000 | 18,40,000 |
| చిలకలూరిపేట | 15,25,000 | 15,25,000 |
| మొత్తం | 1,37,90,000 | 1,19,50,000 |

ఆ అంకె వల్ల ఏం మారిందో చూడండి

అంకె మారితే దాని మీద కట్టిన మాటలు కూడా మారతాయి. రాసేముందు ఐదు నిమిషాలు కూర్చుని అవేంటో ఏరండి. చదివేవాళ్ళకు అంకె కంటే కావలసింది ఇదే.

నా రిపోర్టులో మూడు మాటలు తలకిందులయ్యాయి. టార్గెట్ 106 శాతం దాటిందన్నాను, నిజానికి 92 శాతం దగ్గరే ఆగింది, 10,50,000 లోటు. తెనాలి రెండో స్థానంలో ఉందన్నాను, నాలుగో స్థానంలో ఉంది. తెనాలి ఒక్కటే తన టార్గెట్ దాటి 184 శాతం చేసిందన్నాను, అది 92 దగ్గరుంది. మిగతా నాలుగు బ్రాంచీల అంకెలు మాత్రం ఏమీ మారలేదు.

ఆ అంకె ఎవరెవరి చేతుల్లోంచి పోయిందో కూడా అప్పుడే చూసుకోండి. మీరు పంపినవాళ్ళు ఏడుగురే కావచ్చు. కానీ మేనేజర్ గారు రాత్రే బ్రాంచీల వాట్సాప్ గ్రూపులో "తెనాలి టీమ్‌కు అభినందనలు" అని పెట్టేశారు. ఎండీ గారు పైపుల కంపెనీకి చెల్లింపు గురించి ఆ రోజే మాట్లాడబోతున్నారు. ఈ ఇద్దరికీ మెయిల్ చాలదు, ఫోన్ చేయాలి. మిగతావాళ్ళకు మెయిల్ సరిపోతుంది.

ముందు ఫోన్, తర్వాత మెయిల్

మీ అంకెను నమ్మి అప్పటికే బయట ఒక మాట అన్నవాళ్ళకు, ఆ సంగతి అందరితోపాటు మెయిల్లో తెలిస్తే చిన్నతనంగా ఉంటుంది. పది నిమిషాల ముందు ఫోన్లో చెబితే వాళ్ళు సర్దుకుంటారు. మేనేజర్ గారితో నేను మాట్లాడింది ఇంచుమించు ఇలా సాగింది.

"సార్, నిన్నటి కలెక్షన్ రిపోర్టులో తెనాలి అంకె నేను రెండుసార్లు కలిపాను. మొత్తం కోటీ ముప్పై ఏడు తొంభై కాదు, కోటీ పందొమ్మిది యాభై. టార్గెట్‌కు పదిన్నర లక్షలు తగ్గాం."

"అయ్యో. నేను రాత్రి గ్రూపులో పెట్టేశాను కదయ్యా."

"చూశాను సార్. అందుకే మెయిల్ పెట్టేముందు మీకు చెబుతున్నాను. మిగతా నాలుగు బ్రాంచీలవీ సరిగ్గానే ఉన్నాయి, బ్యాంకుతో చూసుకున్నాను."

"సరే, పంపు. గ్రూపు సంగతి నేను చూసుకుంటాలే."

నిమిషం పట్టలేదు. మొదటి వాక్యంలోనే తప్పు ఏమిటో, రెండో వాక్యంలో సరైన అంకె ఎంతో చెప్పాను కాబట్టి ఆయన అడగాల్సింది ఏమీ మిగల్లేదు. "సార్, ఒక చిన్న విషయం, ఎలా చెప్పాలో తెలియడం లేదు" అని మొదలుపెడితే, ఆయన మనసు అప్పటికే డబ్బు పోయిందో, ఎవరికో ప్రమాదం జరిగిందో అనే దాకా వెళ్ళిపోయి ఉండేది.

మెయిల్ ఎలా రాయాలి

నిన్నటి మెయిల్‌కే అందరికీ రిప్లై ఇవ్వండి. కొత్త మెయిల్ మొదలుపెడితే నెల తర్వాత ఎవరో వెతికినప్పుడు పాతది ఒక్కటే దొరుకుతుంది, కింద సవరణ ఉందని వాళ్ళకు తెలియదు. సబ్జెక్టు ముందు మాత్రం "సవరణ" అని చేర్చండి. కొన్ని మెయిల్ పెట్టెల్లో సబ్జెక్టు మారితే అది వేరే వరుసగా విడిపోతుంది. అలా విడిపోయినా నష్టం లేదు, రిప్లై కాబట్టి కింద పాత మెయిల్ ఉంటుంది.

నేను పంపింది ఇది:

"అందరికీ నమస్కారం.

నిన్న పంపిన సెప్టెంబరు కలెక్షన్ రిపోర్టులో తెనాలి అంకె తప్పు. 36,80,000 కాదు, 18,40,000. దానివల్ల మొత్తం 1,37,90,000 నుంచి 1,19,50,000కు మారింది.

టార్గెట్‌లో మనం 106 శాతం కాదు, 92 శాతం దగ్గర ఉన్నాం. 10,50,000 తక్కువ. తెనాలి స్థానం రెండు నుంచి నాలుగుకు మారింది. మిగతా నాలుగు బ్రాంచీల అంకెల్లో మార్పు లేదు.

తెనాలి షీటులో చివర ఉన్న మొత్తం వరుసను కూడా నేను కూడికలో కలిపాను. ఐదు బ్రాంచీల అంకెలనూ టాలీతో, బ్యాంకు స్టేట్‌మెంట్‌తో మళ్ళీ సరిచూశాను.

సవరించిన ఫైలు జత చేశాను. నిన్నటి ఫైలును దయచేసి వాడవద్దు. ఇబ్బందికి క్షమించండి."

మీరు ఇంగ్లీషులో రాసినా ఇదే వరుస ఉంచండి. పాత అంకె, కొత్త అంకె, ఏం మారింది, ఏం మారలేదు, కారణం ఒక్క వాక్యం, సరైన ఫైలు, ఒక్క క్షమాపణ. పాత అంకెను కూడా రాయాలా అని కొందరు అడుగుతారు. రాయాలి. కొత్తది ఒక్కటే రాస్తే, చదివేవాడు తన దగ్గరున్న కాగితంలో ఏ అంకెను కొట్టేయాలో వెతుక్కోవాలి. "మారలేదు" అన్న వాక్యమూ వదలకండి, అది లేకపోతే మిగతా నలుగురు ఇన్‌చార్జ్‌లు ఒక్కొక్కరుగా ఫోన్ చేసి "అన్నా, మాది కరెక్టేనా?" అని అడుగుతారు.

ఫైలు పేరు కూడా మార్చండి. ఒకే పేరుతో రెండు ఫైళ్ళు ఏడుగురి డౌన్‌లోడ్ ఫోల్డర్లలో పడితే ఏది ఏదో ఎవరికీ తెలియదు. పేరు చివర "సవరణ" అని, తేదీ అని ఉంటే చాలు. ఫైల్లో మారిన గడికి పసుపు రంగు వేసి, పక్కన "7-10న మార్చింది, పాత అంకె 36,80,000" అని రాశాను.

క్షమాపణ కొలత

ఇక్కడ తెలుగులో ఒక చిక్కుంది. మనకు "పొరపాటు జరిగింది" అనే వాక్యం నోటికి అలవాటు. వర్షం కురిసినట్టు, కరెంటు పోయినట్టు పొరపాటు దానంతట అదే జరిగిందన్నమాట. చదివేవాళ్ళకు వెంటనే "ఎవరివల్ల?" అనే ప్రశ్న వస్తుంది, మా తెనాలి ఇన్‌చార్జ్ వల్ల అనుకునే ప్రమాదం కూడా ఉంది, ఎందుకంటే షీటు అతనిదే. "నేను కలిపాను" అని ఒక్క క్రియ రాస్తే ఆ ప్రశ్నే పుట్టదు. అతను తన షీటులో మొత్తం వేసుకోవడం తప్పు కాదు, చూడకుండా కూడిన తప్పు నాది.

దీనికి రెండో కొస కూడా ఉంది. నా ఉద్యోగం కొత్తలో ఒకసారి రవాణా ఖర్చుల పట్టికలో తప్పు పంపి, మర్నాడు ఇలా రాశాను: "సార్, నన్ను మన్నించాలి. ఇంత పెద్ద తప్పు నావల్ల జరగడం చాలా సిగ్గుగా ఉంది. రాత్రంతా నిద్ర పట్టలేదు. నామీద మీరు పెట్టుకున్న నమ్మకాన్ని..." ఇలా మూడు పేరాలు. మా పెద్దాయన ఫోన్ చేసి అడిగింది ఒక్కటే: "అది సరేగానీ, నంబరెంత?" మూడు పేరాల్లో సరైన అంకె రాయడం మర్చిపోయాను.

అదనపు క్షమాపణతో ఇబ్బంది ఏమిటంటే, అది అవతలివాళ్ళకు పని పెడుతుంది. వాళ్ళు తమ పని ఆపుకుని "పర్లేదులే, అందరికీ జరుగుతుంది" అని మిమ్మల్ని ఓదార్చాలి. పైగా 92 శాతం అనే వార్త మీ నిద్ర సంగతి కింద దాక్కుంటుంది. "క్షమించండి" ఒకసారి, చివర. "ఇంకెప్పుడూ జరగదు" అని మాట ఇవ్వకండి, అది మీ చేతుల్లో లేదు. ఏం మార్చారో చెప్పండి, అది మీ చేతుల్లో ఉంది.

కారణం రాసేటప్పుడు కూడా అంతే. నెలాఖరు ఒత్తిడి, నెట్ స్లో, పిల్లాడికి జ్వరం నిజమే కావచ్చు, కానీ మెయిల్ చదివేవాళ్ళకు అవి సాకుల్లా వినిపిస్తాయి. ఎక్కడ ఏ గడి తప్పిందో చెబితే చాలు.

దొంగచాటు సవరణ వద్దు

పంపిన మెయిల్‌ను వెనక్కి లాగుదామని కొందరు చూస్తారు. జీమెయిల్‌లో పంపాక వెనక్కి తీసుకునే గడువు ఎక్కువలో ఎక్కువ 30 సెకన్లు. అవుట్‌లుక్‌లో వెనక్కి పిలిచే సదుపాయం అవతలివాళ్ళదీ మీ సంస్థ మెయిలే అయితేనే పనికొస్తుంది, అప్పటికి చదివేసి ఉంటే చదివేసినట్టే. వాట్సాప్‌లో మెసేజ్ దిద్దడానికి 15 నిమిషాలు ఉంటుంది. ఆ తర్వాత తీసేయడం ఒక్కటే దారి, తీసేస్తే అక్కడ తీసేసినట్టు ఒక గుర్తు మిగులుతుంది. ఏదో తీసేశాడంటే గ్రూపులో అందరికీ కుతూహలం మొదలవుతుంది. దానికంటే ఆ మెసేజ్‌కే రిప్లై పెట్టి "ఈ అంకె తప్పు, సరైనది 1,19,50,000" అనడం సుఖం.

గూగుల్ షీటు పంచుకుని ఉంటే ఇంకో ఆశ పుడుతుంది, గడిలో అంకె మార్చేస్తే సరి కదా అని. నిన్న చూసినవాళ్ళు నిన్నటి అంకెనే మనసులో పెట్టుకుని తిరుగుతుంటారు. మార్చినట్టు వెర్షన్ హిస్టరీలో పేరుతో, సమయంతో సహా ఉంటుంది. ఎవరో ఒకరోజు అది తెరుస్తారు. అప్పుడు కూడికలో తప్పు కాస్తా దాచిన తప్పు అవుతుంది.

అంకె ఆఫీసు దాటి పోయి ఉంటే

ఇప్పటిదాకా చెప్పింది లోపలి రిపోర్టు సంగతి. పద్దులోనో, రిటర్న్‌లోనో ఎక్కిన తప్పుకు దారులు వేరు. చేతితో రాసే పుస్తకమైతే వైట్‌నర్ పూయకండి. తప్పు అంకె కనబడేలా ఒక్క గీత కొట్టి, పైన సరైనది రాసి, పక్కన పొట్టి సంతకం, తేదీ పెట్టండి. కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో 2023 ఏప్రిల్ 1న మొదలైన ఆర్థిక సంవత్సరం నుంచి ప్రతి మార్పూ నమోదయ్యే ఎడిట్ లాగ్ ఉండి తీరాలి. కాబట్టి వోచర్ దిద్దితే నెరేషన్‌లో ఎందుకు దిద్దారో ఒక ముక్క రాయండి, ఆడిటర్ అడిగినప్పుడు మీకు గుర్తుండదు.

జీఎస్టీలో, అమ్మకాల వివరాలు చూపే జీఎస్టీఆర్-1ను సమర్పించాక తెరిచి దిద్దలేం. అదే నెల పన్ను లెక్క చూపే జీఎస్టీఆర్-3బీ ఇంకా వేయకపోతే, 2024లో వచ్చిన జీఎస్టీఆర్-1ఏ ద్వారా సరిచేసుకోవచ్చు. వేసేసి ఉంటే తర్వాతి నెల రిటర్న్‌లోని సవరణ పట్టికల్లో చూపించాలి. ఇలాంటిది దొరికితే మీరే దిద్దేయకుండా ముందు మీ ఆడిటర్‌కు ఫోన్ చేయండి, ఆయనకు చెప్పేది కూడా పై వరుసలోనే: ఏ ఇన్వాయిస్, పాత అంకె, సరైన అంకె.

ప్రతి తప్పుకూ మెయిల్ అక్కర్లేదు

మొత్తంలో 40 రూపాయల రౌండింగ్ తేడా వస్తే ఏడుగురికి సవరణ మెయిల్ పెట్టడం వాళ్ళ సమయం తినడమే. నేను రెండు ప్రశ్నలు వేసుకుంటాను. ఈ అంకె మారితే ఎవరి నిర్ణయమైనా మారుతుందా? ఎవరైనా దీన్ని ఇంకో కాగితంతో పోల్చి చూస్తే ఆగిపోతారా? రెండింటికీ కాదు అంటే ఫైల్లో దిద్ది, పక్కన ఒక వ్యాఖ్య పెట్టి వదిలేస్తాను. అయితే జీతం, అప్పు, పార్టీ బ్యాలెన్స్ లాంటి ఒక మనిషికి సంబంధించిన అంకెకు ఈ మినహాయింపు లేదు. అక్కడ 40 రూపాయలైనా ఆ మనిషికి చెప్పాలి.

పంపాక వచ్చేవి

సవరణ పంపాక తెనాలి ఇన్‌చార్జ్ ఫోన్ చేశాడు. నాకంటే పెద్దవాడు, అన్నా అని పిలుస్తాను. గొంతులో బాధ తెలుస్తోంది. "ఏం తమ్ముడూ, రాత్రి పూలదండ వేసి పొద్దున తీసేశారే" అన్నాడు. ఇక్కడ మళ్ళీ ఎక్సెల్ వివరణ మొదలుపెట్టడం అనవసరం. "అన్నా, మీ షీటు సరిగ్గానే ఉంది, కూడింది నేను. ఆ మాట మెయిల్లో కూడా రాశాను" అన్నాను. కాసేపు ఊరుకుని, "సరేలే, 92 అంటే మాకు ఎప్పుడూ వచ్చేదే" అన్నాడు.

ఎవరైనా "ఎలా జరిగింది?" అని మళ్ళీ అడిగితే, మెయిల్లో రాసిన కారణమే అదే మాటల్లో చెప్పండి. అడిగినప్పుడల్లా కొత్త వివరం చేరిస్తే కథ మారుతున్నట్టుంటుంది. సాయంత్రానికి, మీరు ఫోన్ చేసిన ఇద్దరూ కాక మిగతావాళ్ళలో ఎవరు చూడలేదో కనుక్కుని, వాళ్ళకు ఒక మెసేజ్ పెట్టండి. చూసుకోవాల్సింది వాళ్ళ కోపం కాదు, పాత ఫైలు ఇంకా ఎవరి దగ్గరైనా తిరుగుతోందా అన్నది.

షీటులో ఒక కాపలా

అదే రోజు షీటును కూడా మార్చాను. తెనాలిలా మొత్తం వరుస వేసేవాళ్ళను వేయొద్దని చెబితే వినరు, అది వాళ్ళ అలవాటు, వాళ్ళ అవసరం. అందుకని వాళ్ళ మొత్తాన్నీ, నా మొత్తాన్నీ `SUBTOTAL` తో వేశాను:

```
=SUBTOTAL(9,B2:B47)
```

ఈ ఫార్ములా తన పరిధిలో ఉన్న ఇతర సబ్‌టోటల్ గడులను కలుపుకోదు, అందుకే రెండింతలయ్యే ఇబ్బంది ఉండదు. కానీ వాళ్ళు తమ మొత్తాన్ని `SUM` తో వేసినా, చేత్తో కొట్టినా ఇది ఆదుకోదు. ఇంకోటి, ఫిల్టర్ పెట్టి ఉంటే దాచిన వరుసల్ని ఇది వదిలేస్తుంది. ఫిల్టర్ తీయకుండా పంపితే ఈసారి తక్కువ అంకె వెళ్తుంది.

అందుకే దీనికంటే నాకు నమ్మకమైనది ఇంకో గడి. టాలీ నుంచి తీసిన మొత్తాన్ని ఒకచోట కొట్టి, షీటు మొత్తంలోంచి తీసేస్తాను. అక్కడ సున్నా వస్తేనే మెయిల్ తెరుస్తాను. దాని పక్కనే ఒక్కో బ్రాంచీ టార్గెట్ శాతం ఉంటుంది. ఏ శాతమైనా 130 దాటినా, 60 లోపు ఉన్నా గడి ఎర్రబడేలా పెట్టుకున్నాను. ఆ రోజు ఇది ఉండుంటే 184 దగ్గర ముందే ఆగేవాడిని.

ఇక మిగిలింది వచ్చే నెల రిపోర్టు, దీన్ని అందరూ మర్చిపోతారు. అందులో "పోయిన నెల" అనే గడి ఉంటుంది, అది పాత ఫైలు నుంచి వస్తుంది. అక్టోబరులో మాకు 1,26,00,000 వచ్చింది. తప్పు సెప్టెంబరుతో పోలిస్తే దాదాపు 8.6 శాతం పడిపోయినట్టు, సరైన సెప్టెంబరుతో పోలిస్తే 5.4 శాతం పెరిగినట్టు. నేను పాత ఫైలును వేరే ఫోల్డర్లోకి మార్చి దాని పేరులో "వాడకూడదు" అని చేర్చాను, అక్టోబరు పట్టిక కింద "సెప్టెంబరు అంకె 7-10న సవరించినది" అని చిన్న అక్షరాల్లో రాశాను. అయినా ఒక బ్రాంచీ ఇన్‌చార్జ్ తన ఫోన్‌లో దాచుకున్న పాత ఫైలు తీసి, "ఈ నెల పడిపోయామేంటి?" అని అడిగాడు. అతనికి 7వ తేదీ మెయిల్‌ను ఇంకోసారి పంపాను.